ఊరే నీళ్లు

నంద్యాలలో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నవాళ్లు సాయంత్రానికి పకోడీల కోసం మళ్లీ అదే బండి చుట్టూ చేరతారు. నేను ఇప్పుడు చెప్పబోయే కథ కూడా అక్కడే మొదలవుతుంది. బండాయన ఎర్రగడ్డలను సన్నగా, పొడుగ్గా కోసి బేసినులో వేస్తాడు. కోస్తా వాళ్లకు అవి ఉల్లిపాయలు, మనకు ఎర్రగడ్డలే. వాటి మీద ఉప్పు చల్లి, చేత్తో నాలుగుసార్లు పిసికి పక్కన పెడతాడు. ఈలోగా పొయ్యి చూసుకుంటాడు, బాకీలు అడుగుతాడు. పది నిమిషాలు పోయాక బేసిను వంచితే అడుగున నీళ్లు కనబడతాయి. అప్పుడు శనగపిండి వేసి ఆ తడితోనే కలుపుతాడు. చాలకపోతే ఒక్క చిలకరింపు, అంతే.

ఇంట్లో నేను మొదటిసారి పకోడీలు వేసినప్పుడు ముందు పిండిని నీళ్లతో కలిపాను, తర్వాత ఎర్రగడ్డలు వేశాను, ఆ తర్వాత ఉప్పు. మొదటి వాయి బాగానే వచ్చింది. రెండో వాయి వేసేసరికి పిండి జారుగా అయింది. మూడో వాయి నూనెలో విడిపోయి, నూనె తాగి, మెత్తటి ముద్దలయింది. పిండిలో నేను పోసిన నీళ్లు అన్నే. మిగతావి ఎర్రగడ్డలు పోశాయి. ఉప్పు తగిలితే అవి నీళ్లు వదులుతాయని బండాయనకు తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం పాఠం చెప్పిన నాకు పొయ్యి దగ్గర గుర్తుకు రాలేదు.

పచ్చి ఎర్రగడ్డ బరువులో ఎనభై ఐదు పాళ్ల పైన నీళ్లే ఉంటాయి. దోసకాయలో అయితే తొంభై ఐదు దాకా. కానీ ఎర్రగడ్డను కోసి పళ్లెంలో పెడితే కోసిన చోట కొంచెం తడి కనిపిస్తుంది తప్ప మడుగు కట్టదు. ఆ నీళ్లన్నీ కంటికి కనిపించని లక్షల గదుల్లో బందీగా ఉంటాయి. ఒక్కో గదిని కణం అంటాం. గదికి బయట ఒక గట్టి గోడ ఉంటుంది. దాన్ని వెదురు తడిక అనుకోండి. నీళ్లూ, ఉప్పూ, చక్కెరా దాని సందుల్లోంచి దర్జాగా పోతాయి. ఆ తడికకు లోపలివైపు ఆనుకుని ఒక పలచటి పొర ఉంటుంది. అసలు కాపలా దానిది. నీళ్లను పోనిస్తుంది, ఉప్పునూ చక్కెరనూ ఆపుతుంది. ఆ పొర లోపల ఉన్నది ఉత్త నీళ్లు కాదు. చక్కెరలు, పులుపులు, లవణాలు కరిగిన రసం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఉప్పు నీళ్లను లాగుతుంది అని మనం అంటాం, నేనూ అంటాను, మాట తేలిక కాబట్టి. నిజానికి ఉప్పుకు చేతులేమీ లేవు. నీటి అణువులు ఆ పొరలోంచి ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, మనం ఉప్పు చల్లినా చల్లకపోయినా. రెండు వైపులా రసం ఒకే చిక్కదనంలో ఉంటే పోయేవీ వచ్చేవీ సమానం, కాబట్టి ఏమీ జరగనట్టు ఉంటుంది. బయట ఉప్పు కరిగిందంటే ఆ వైపు నీటి అణువులు ఉప్పుతో చుట్టరికం కలుపుకుంటాయి. తిరిగి లోపలికి వచ్చే వాటి సంఖ్య తగ్గుతుంది. పోయేవి పోతూనే ఉంటాయి, వచ్చేవి తగ్గుతాయి. మనకు బేసిను అడుగున కనిపించేది ఆ తేడాయే. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ద్రవాభిసరణం అంటారు. పల్చగా ఉన్న వైపు నుంచి చిక్కగా ఉన్న వైపుకు నీళ్లు నడవడం, మధ్యలో నీళ్లను మాత్రమే వదిలే పొర ఉండడం. ఈ రెండూ ఉంటేనే ఆ పేరు.

1748లో ఫ్రాన్సులో నొల్లే అనే మతగురువు ఒక పాత్ర నిండా సారాయి పోసి, మూతికి పంది మూత్రాశయపు తోలు బిగించి కట్టి నీళ్లలో ముంచి పెట్టాడు. కొన్ని గంటల తర్వాత తోలు పైకి ఉబ్బింది. సూదితో పొడిస్తే లోపలి ద్రవం చిమ్మింది. నీళ్లు తోలు దాటి లోపలికి చేరాయి గానీ సారాయి అంత తేలిగ్గా బయటికి రాలేదు. చిత్రమేమిటంటే, కణపు పొరలో నీళ్లు పోవడానికి ప్రత్యేకంగా తలుపులు ఉన్నాయన్నది తేలింది 1992లో. పీటర్ ఆగ్రె అనే అమెరికా శాస్త్రవేత్త ఆ తలుపుల్లాంటి ప్రోటీనును పట్టుకుని 2003లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. తోలు ఉబ్బడం చూసిన రోజుకూ తలుపు దొరికిన రోజుకూ మధ్య రెండువందల నలభై నాలుగేళ్లు.

సరే, మళ్లీ వంటింట్లోకి వద్దాం. కాకరకాయ తీసుకుందాం. ఇది లెక్క వేసి చూడదగ్గ కూర.

అరకిలో కాకరకాయలను చక్రాల్లా తరిగారనుకోండి. అందులో నీళ్లు సుమారు నాలుగువందల అరవై గ్రాములు. కూరగాయల కణాల్లో ఉండే రసం చిక్కదనం, కొంచెం అటూ ఇటూగా, నూటికి ఒక గ్రాము ఉప్పు కలిపిన నీళ్లకు సమానం. రసంలో ఉప్పు అంత ఉందని కాదు. చక్కెరలూ మిగతావీ కలిసి అంత బలం చూపిస్తాయని. అంటే ఆ అరకిలో ముక్కల లోపల నాలుగున్నర గ్రాముల ఉప్పుకు సరితూగే సరుకు ఉందన్నమాట. మీరు పైన పది గ్రాముల ఉప్పు చల్లారు. టీ చెంచాతో రెండుకు కొంచెం తక్కువ. ఇప్పుడు లోపల నాలుగున్నర, బయట పది. రెండు వైపులా చిక్కదనం సమానమయ్యే దాకా నీళ్లు నడవాలి కాబట్టి, ఆ నాలుగువందల అరవై గ్రాముల నీళ్లను నాలుగున్నరకూ పదికీ ఉన్న నిష్పత్తిలో పంచాలి. పంచితే బయటికి రావలసింది మూడువందల గ్రాముల పైమాటే. అరకిలో కాకరకాయకు చిన్న చెంబెడు నీళ్లు!

రావు. మా ఇంట్లో నేను తూచి చూశాను. అరగంటకు గిన్నె అడుగున చేరినదీ, గట్టిగా పిండితే వచ్చినదీ కలిపి వంద గ్రాములు దాటి కొంచెం. లెక్క చెప్పినదాంట్లో మూడోవంతు. మిగతాది ఎక్కడ పోయింది?

ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. నా లెక్కలో ఒక నమ్మకం దాగి ఉంది. కాపలా పొర చివరిదాకా చెక్కుచెదరకుండా ఉప్పును బయటే ఆపుతుందని. ఆ నమ్మకం నిలబడదు. ఉప్పు తగిలిన పై వరస కణాలు నీళ్లు పోగొట్టుకుని ముడుచుకుపోతాయి, వాటి పొర గోడ నుంచి ఊడి వచ్చి చిరుగుతుంది. చిరిగిన పొర ఇంకేమీ ఆపలేదు. లోపలి రసం బయటికి, బయటి ఉప్పు లోపలికి. ఉప్పు లోపలికి చేరితే ఇక తేడా తగ్గిపోతుంది, తేడా తగ్గితే నీళ్ల నడక నెమ్మదిస్తుంది. పైగా ముక్క మందంగా ఉంటే లోపలి వరసలకు ఉప్పు ఇంకా చేరనే లేదు. అందుకే సన్నగా తరిగిన వాటిలోంచి ఎక్కువా, లావు ముక్కల్లోంచి తక్కువా వస్తాయి. మెత్తటి ఉప్పు వెంటనే పని మొదలుపెడుతుంది, రాళ్లుప్పు కరిగే దాకా ఆగుతుంది. అరగంట దాటి రెండు గంటలు వదిలేస్తే నీళ్లు రెట్టింపు వస్తాయనుకునేవాళ్లకు వచ్చేది రెట్టింపు ఉప్పదనం. కాకరకాయకు ఇరవై నిమిషాల నుంచి అరగంట చాలు. ముక్కను వేళ్ల మధ్య వంచితే విరగకుండా వంగితే పని అయిపోయినట్టు.

చేదు మాటేమిటి? చేదంతా నీళ్లతో పోయిందని మా ఇంట్లో అనుకునేవాళ్లు. కొంత పోయేది నిజమే. పిండిన నీళ్లను నాలుకకు అంటిస్తే తెలుస్తుంది. కానీ చేదు తగ్గినట్టు అనిపించడంలో ఉప్పుకు ఇంకో పాత్ర ఉంది. ఉప్పు నాలుక మీదే చేదును అణచివేస్తుంది. పిండి, కడిగి, మళ్లీ చప్పగా వండితే చేదు అనుకున్నంత తగ్గలేదని తెలిసిపోతుంది. ఆ పిండిన నీళ్లలో చేదుతో పాటు పొటాషియం, సి విటమిను కూడా పోతాయి. చక్కెర జబ్బుకు మందని కాకరకాయ తెచ్చుకుని, సారమంతా సింకులో పోసేవాళ్లను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

వంకాయ సంగతి వేరు. నంద్యాలలో పోలూరు వంకాయలని పేరు పెట్టి అడిగి కొంటారు. వాటికి చేదు తీయడం కోసం ఉప్పు పెట్టవలసిన పని లేదు. కానీ వేపుడుకు ఉప్పు పెడితే వేరే లాభం ఉంది. వంకాయ కండ స్పాంజి లాంటిది, కణాల మధ్య గాలి సందులు చాలా ఉంటాయి. నూనెలో వేయగానే ఆ సందులు నూనె తాగుతాయి. ముందుగా ఉప్పు పెట్టి నీళ్లు వదిలిస్తే కణాలు వాలిపోయి సందులు మూసుకుంటాయి, వంకాయ నూనె తక్కువ తాగుతుంది. నూనె ధర చూస్తున్నవాళ్లకు ఇది పనికొచ్చే ద్రవాభిసరణం.

ఇప్పుడు దారి మారుద్దాం. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా కడప రోడ్డున సుమారు నలభై కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డ అనగానే అందరికీ రాతి శిల్పాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం మే నెల ఎండలో కూరగాయల మార్కెట్టులో కొత్తిమీర అమ్మే ఒక ముసలమ్మ గుర్తొస్తుంది. మా జేజి ఊరు ఆ పక్కనే కాబట్టి సెలవులకు పోయినప్పుడల్లా ఆమె దగ్గరికే సంచీ పట్టుకుని పోయేవాణ్ణి. నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల ఎండ. మధ్యాహ్నానికి ఆమె ముందున్న కొత్తిమీర కట్టలు తల వేలాడేసేవి. ఒకరోజు నేను మొహం చిట్లించుకుని, ఇది వాడిపోయింది కదా అవ్వా అన్నాను.

"వాడింది గాని సావలేదు నాయనా. ఇంటికి పోయి కాడలు గిల్లి నీళ్లల్లో నిలబెట్టు. గంటలో లేస్తాది. లేయకుంటే రేపొచ్చి దుడ్లు తీసుకుపో" అంది.

లేచింది. దుడ్లు అడగడానికి పోలేదు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. వాడింది గాని చావలేదు అన్న ఆ తేడా ఎంత పెద్దదో కాలేజీలో చేరిన తర్వాత గాని బుర్రకెక్కలేదు.

ఆకు నిలబడి ఉండేది ఎముకలతో కాదు, నీళ్ల ఒత్తిడితో. కణంలోని రసం చిక్కగా ఉంటుంది కాబట్టి బయటి నుంచి నీళ్లు లోపలికి చేరుతూ ఉంటాయి. చేరిన నీళ్లు పొరను ఉబ్బించి గోడకేసి నొక్కుతాయి. గోడ గట్టిది కాబట్టి పగలదు, బిగుసుకుంటుంది. సైకిలు ట్యూబులో గాలి కొట్టినప్పుడు టైరు బిగుసుకుంటుంది చూడండి, ట్యూబు పొర, టైరు గోడ. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు వాతావరణాల పైచిలుకు. నిండుగా నీళ్లున్న ఆకు కణంలో ఒత్తిడి తరచూ దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది. తాజా కొత్తిమీర కాడ పటుక్కుమని విరుగుతుందంటే, తాజా దోసకాయ కొరికితే చప్పుడు వస్తుందంటే, ఆ ఒత్తిడి ఒక్కసారిగా పగలడమే.

కోసిన తర్వాత కొత్తిమీరకు వేరు నుంచి నీళ్లు రావు. ఆకుల మీది రంధ్రాల్లోంచి మాత్రం ఎండకూ గాలికీ నీళ్లు పోతూనే ఉంటాయి. లోపలి ఒత్తిడి పడిపోతుంది. టైరు మెత్తబడుతుంది, ఆకు వాలుతుంది. కానీ పొర ఇంకా బతికే ఉంది, లోపలి చక్కెరలూ లవణాలూ ఎక్కడికీ పోలేదు. పైగా నీళ్లు తగ్గాయి కాబట్టి రసం మునుపటికన్నా చిక్కబడింది. ఇప్పుడు మంచినీళ్లలో పెడితే ఏమవుతుంది? బయట పల్చన, లోపల చిక్కన. కాకరకాయ దగ్గర జరిగినదానికి సరిగ్గా ఎదురుదారి.

ఆ అవ్వ కాడలు గిల్లమని ఎందుకంది? కోసిన చోట కాడలోని సన్నటి గొట్టాల్లోకి గాలి దూరి బుడగ కట్టి ఉంటుంది. కొన ఎండి మూసుకుపోయి ఉంటుంది. అరంగుళం కత్తిరిస్తే కొత్త దారి తెరుచుకుంటుంది. నీళ్లు గొట్టంలోంచి పైకి ఎక్కి ఆకు దాకా చేరుతాయి. అక్కణ్ణించి కణాల్లోకి పోయేది ద్రవాభిసరణం వల్ల. చల్లటి నీళ్లు మేలు, ఎందుకంటే చల్లదనానికి ఆకు వదిలే నీళ్లు తగ్గుతాయి. పైన ఒక తడిగుడ్డ కప్పితే ఇంకా మంచిది. మార్కెట్టులో వాళ్లు తడి గోనెసంచి కప్పేది అందుకే. పలచటి ఆకుకూరలకు అరగంట, గంట చాలు. మెత్తబడిన క్యారెట్టు, ముల్లంగి అయితే తోలు తీసి నీళ్లలో వేసి కొన్ని గంటలు ఫ్రిజ్జులో పెట్టాలి.

చాలామంది ఆకుకూరలను ఉప్పు నీళ్లలో నానబెడతారు, పురుగులు పోతాయని. పురుగులు తేలడం నిజమే. కానీ ఆ నీళ్లలో పావుగంట మరిచిపోతే మీరు వాడిపోయిన తోటకూరను ఇంకా వాడబెడుతున్నట్టు. ఉప్పు నీళ్లలో రెండు మూడు నిమిషాలు తిప్పి వెంటనే మంచినీళ్లలోకి మార్చండి.

అయితే అన్నీ లేవవు. ఎందుకు లేవవో తెలిస్తే అనవసరంగా నీళ్లలో వేసి ఎదురుచూడనక్కర్లేదు. ముడతలు పడిన వంకాయను గిన్నెలో ముంచి రాత్రంతా ఉంచినా పెద్దగా మార్పు ఉండదు. దాని తోలు మీద మైనపు పూత ఉంది, అది ఎండకు నీళ్లు పోకుండా ఆపినట్టే నీళ్లు రాకుండా కూడా ఆపుతుంది. ముక్కలు కోసి నీళ్లలో వేస్తే కొంత బిగుస్తుంది. ఊరు మిరపకాయలకు మజ్జిగలో వేసే ముందు మన ఆడవాళ్లు మిరపకాయకు గాటు పెట్టడం ఇందుకే. గాటు లేకపోతే ఉప్పు మజ్జిగ ఆ పూత దాటి లోపలికి పోదు. ఇక ఆకు అంచులు నల్లబడినా, జిగురు పట్టినా, ఆ కణాల పొర చచ్చినట్టు. చచ్చిన పొర నీళ్లు నిలపలేదు. ఎంత నానబెట్టినా తడుస్తుంది తప్ప నిలబడదు. ఫ్రీజరులో గడ్డకట్టిన టమోటాను బయట పెడితే మెత్తటి తోలుసంచి అయిపోయేది కూడా అందుకే. మంచు పలుకులు పొరలను చీల్చేశాయి. మీరు ఎన్ని నీళ్లలో వేసినా అది లేవదు.

ఇంటర్మీడియెట్ ప్రయోగశాలలో దీన్ని ఉర్లగడ్డతో చూపించేవాళ్లం. ఉర్లగడ్డకు తోలు తీసి, పైన గుంట తవ్వి, అందులో చిక్కటి చక్కెర నీళ్లు పోసి, మట్టం దగ్గర గుండుసూది గుచ్చి, గడ్డను నీళ్ల గిన్నెలో కూర్చోబెడతాం. గంట గడిచేసరికి గుంటలో మట్టం సూది దాటి పైకి వస్తుంది. దాని పక్కనే ఉడికించిన ఉర్లగడ్డతో అదే ఏర్పాటు. అందులో మట్టం పెరగదు. పిల్లలు పెరిగినదాన్ని చూసి సంబరపడేవాళ్లు. నాకు ఎప్పుడూ పెరగనిదే ముఖ్యం అనిపించేది. ఉడికితే గడ్డ గడ్డలాగే ఉంటుంది, గోడలూ ఉంటాయి, పొర ఒక్కటే పోతుంది. అది పోతే అంతా పోయినట్టే.

ఇక్కడ మన ఉగ్గాని మాట వస్తుంది. బొరుగులను నీళ్లలో వేసి పిండి తాలింపులో వేస్తాం కదా, అవి నీళ్లు పీల్చడం కూడా ఇదేనా అని ఒక విద్యార్థి అడిగాడు. కాదు. బొరుగులో బతికిన పొర ఏదీ లేదు, వేడి ఇసుకలో ఎప్పుడో పోయింది. అది ఎండిన స్పాంజి. తేడా తేల్చుకోవడం సులువు. బొరుగులను ఉప్పు నీళ్లలో వేయండి, అవి అప్పటికప్పుడే మెత్తబడతాయి. వాడిన కొత్తిమీరను అవే నీళ్లలో పెట్టండి, లేవదు. ఎండిన శనగలు నానడంలో కూడా మొదట్లో ఎక్కువ భాగం ఇలాంటి పీల్చుడే. నానినవన్నీ ద్రవాభిసరణం కాదు.

మన భాషలో ఒక మాట ఉంది, ఊరడం. బావిలో నీళ్లు ఊరతాయి, నోట్లో నీళ్లు ఊరతాయి. లోపలి నుంచి బయటికి రావడం. మిరపకాయ మజ్జిగలో ఊరుతుంది, మామిడిముక్క ఉప్పులో ఊరుతుంది. అక్కడ బయటిది లోపలికి చేరడం. రెండు దారులకూ ఒకే క్రియ. ఊరగాయ జాడీలో జరిగేది కూడా సరిగ్గా ఈ రెండూ. మామిడిముక్కల మీద ఉప్పు వేసిన మొదటి రోజు నీళ్లు బయటికి వస్తాయి. దాన్ని ఊట అంటాం. తర్వాత పొరలు తెగి, ఊటలోని ఉప్పూ కారమూ ముక్కలోకి పోతాయి. మూడోనాటికి ముక్క లోపలా బయటా ఒకే ఉప్పు. ఇంక అది వెనక్కి రాదు. ఊరిన మామిడిముక్కను మంచినీళ్లలో వేస్తే ఉప్పు తగ్గుతుంది తప్ప పచ్చి ముక్క బిగువు రాదు. కొత్తిమీరకూ దానికీ ఉన్న తేడా అదే.

జాడీలో ఆ ఉప్పే కాపలా కూడా. బూజుకూ సూక్ష్మజీవులకూ కూడా కణపు పొర ఉంటుంది. చిక్కటి ఉప్పు నీళ్లలో పడితే వాటిలోని నీళ్లు కూడా కాకరకాయలోవి లాగే బయటికి పోతాయి. ఎక్కువ భాగం పెరగలేవు. తడి చేయి పెట్టకురా అని మా జేజి జాడీ దగ్గర నిలబడి అరిచేది. చేతికున్న నాలుగు చుక్కలకు జాడీ అంతటి ఉప్పు పలచబడదు కదా అని నేను వాదించేవాణ్ణి. జాడీ అంతా పలచబడదు. కానీ ఆ చుక్క కలిసిపోకుండా పైన ఒక ముక్క మీద నిలిచిపోతుంది. ఆ వేలెడంత చోట ఉప్పు తక్కువ. బూజుకు కావలసింది అంత చోటే. జేజికి కణాల సంగతి తెలియదు, నాకు జాడీ సంగతి తెలియదు. ఇద్దరిలో ఆమె మాటే నెగ్గింది, ఆ ఏడు ఊరగాయ నేనే పాడు చేశాను కాబట్టి.

చక్కెర కూడా ఇదే పని చేస్తుంది, కానీ నీరసంగా. ఒక గ్రాము ఉప్పు చేసే పనికి దాదాపు పన్నెండు గ్రాముల చక్కెర కావాలి. ఉప్పు అణువు చిన్నది, కరిగితే రెండు ముక్కలవుతుంది కాబట్టి గ్రాముకు చాలా ఎక్కువ కణికలు దొరుకుతాయి. చక్కెర అణువు బరువైనది, ముక్కలు కాదు. ఊరగాయలో గరిటెలతో వేసే ఉప్పు చాలితే, జామ్‌లో పండుతో సమానంగా చక్కెర పోయాల్సి రావడానికి ఇది పెద్ద కారణం.

కేసీ కాలువ కింద సాగు చేసే రైతు శ్రోతలకు ఇదంతా కొత్త కాకపోవచ్చు. చౌడు పడ్డ మడిలో నీళ్లు నిలిచి ఉన్నా పైరు దప్పికతో వాలిపోవడం వాళ్లు చూసే ఉంటారు. అక్కడ నేల రసం వేరులోని రసం కన్నా చిక్కబడింది. యూరియా ఒకే చోట కుప్పగా పడితే చిన్న మొక్క మాడినట్టు అవడంలోనూ ఇదే ఉంది. బేసినులో ఎర్రగడ్డకు జరిగిందే మడిలో వేరుకు జరుగుతుంది.

ఈ రాత్రి ఒక చిన్న పని చేయండి. ఒక ఉర్లగడ్డను పలచగా, పొడుగ్గా రెండు ముక్కలు కోయండి. ఒకదాన్ని గ్లాసు మంచినీళ్లలో, ఇంకోదాన్ని రెండు చెంచాల ఉప్పు కలిపిన గ్లాసు నీళ్లలో వేసి పడుకోండి. పొద్దున్నే రెండింటినీ తీసి వేళ్ల మధ్య వంచి చూడండి. ఒకటి పటుక్కున విరుగుతుంది, ఇంకోటి తోలుముక్కలా వంగుతుంది. ఏది ఏ గ్లాసుదో ఇంట్లో పిల్లల్ని కళ్లు మూసుకుని చెప్పమనండి. ముక్కలు పారేయకండి, కూరలో వేసుకోవచ్చు. ఉప్పు గ్లాసుది వేస్తే మాత్రం కూరలో ఉప్పు కొంచెం తగ్గించండి.